పులి మెడలో కండువా

పిల్లల బ్రాండుకి మస్కట్ గీయించుకునేవాళ్లు చివర్లో తరచూ ఒక మాట తగిలిస్తారు: "కాస్త ట్రెండీగా ఉండాలండీ." చిక్కు మొదలయ్యేది అక్కడే. 1990ల్లో ట్రెండీ అంటే వెనక్కి తిప్పి పెట్టుకున్న టోపీ, కాళ్ల కింద స్కేట్‌బోర్డు. అలాంటి బొమ్మను ఇప్పుడు చూస్తే మేనమామ పెళ్లి వీడియో చూసినట్టుంటుంది. పిల్లలు నాలుగైదేళ్లలో ఆ బ్రాండు దాటిపోతారు, వాళ్ల వెనక కొత్త పిల్లలు వస్తారు. బొమ్మ మాత్రం పాత పిల్లల కాలంలోనే ఉండిపోతుంది.

అలా ఉండిపోని బొమ్మ ఒకటుంది. అమెరికాలో కెల్లాగ్స్ కంపెనీ 1952లో చక్కెర పూసిన కార్న్‌ఫ్లేక్స్ అమ్మడానికి టోనీ అనే పులిని తెచ్చింది. తోడుగా కేటీ అనే కంగారూ కూడా వచ్చింది గానీ ఎక్కువకాలం నిలవలేదు. టోనీ తల మొదట్లో రగ్బీ బంతిలా కోలగా ఉండేది, తర్వాత గుండ్రంగా మారింది. సన్నటి ఒళ్లు కండలు తిరిగింది. ఇన్ని మార్పులు జరిగినా అందరూ అదే పులి అనుకున్నారు. కారణం, మారనివి మారలేదు: చారలు, మెడలో ఎర్ర కండువా. ఆ కండువా ఏ దశాబ్దపు ఫ్యాషనూ కాదు, అందుకే పాతబడటానికి అందులో ఏమీ లేదు.

దీన్ని మన దగ్గర ఎలా వాడాలో చూద్దాం. పల్లీపట్టీలు అమ్మే ఒక చిన్న బ్రాండుకి ఉడుత మస్కట్ అనుకోండి. చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో ఫోను పెట్టి గీశారు. ముందు ఆ బొమ్మను మొత్తం నల్లరంగుతో నింపి, తపాలా బిళ్లంత చిన్నది చేసి చూడాలి. వంపు తిరిగిన తోకని బట్టి ఉడుత అని తెలిస్తే ఆకారం బాగున్నట్టు. తర్వాత ఫోను, హెడ్‌ఫోన్లు తీసేసి మళ్లీ చూడాలి. ఇప్పుడు ఉడుత చేతులు ఖాళీగా, ఏం చెయ్యాలో తెలియనట్టు వేలాడుతుంటే అసలు పాత్రని ఎవరూ ఆలోచించలేదన్నమాట. ఫోనే మస్కట్ పని చేసింది. అదే చేతులు ఒక పల్లీకాయని ఎవరూ లాక్కోకుండా వీపు వెనక దాచుకుంటుంటే? అది గుణం. ఏ కాలంలో పిల్లలకైనా అర్థమవుతుంది.

అలాగని ఫోను గీయకూడదని కాదు. పండగ ప్రకటనలోనో, ఒక్క సీజను పోస్టరులోనో ఉడుతకి ఏది తగిలించినా నష్టం లేదు, రేపు తీసేయొచ్చు. డబ్బా మూత అచ్చులోకి, దూదిబొమ్మ కుట్టులోకి, ట్రేడ్‌మార్కు దరఖాస్తులోకి మాత్రం అది వెళ్లకూడదు. అక్కడికి వెళ్లినదాన్ని మార్చాలంటే అచ్చు మళ్లీ చెక్కించాలి, దరఖాస్తు మళ్లీ పెట్టాలి.

సవరించడానికి వీల్లేని తప్పు ఇంకొకటుంది. బ్రిటన్‌లో రాబర్ట్‌సన్స్ జామ్ సీసాల మీద 1910 నుంచి గాలీ అనే బొమ్మ ఉండేది. లేబుల్ మీది టోకెన్లు కూడబెట్టి పంపితే పిల్లలకి గాలీ బ్యాడ్జీ వచ్చేది, తరాల పాటు పోగేశారు. ఆ బొమ్మకి మూలం 1895లో ఫ్లోరెన్స్ అప్టన్ పిల్లల పుస్తకానికి గీసిన పాత్ర. దానికీ మూలం, తెల్లవాళ్లు ముఖానికి నల్లరంగు పూసుకుని నల్లజాతివాళ్లని వెక్కిరించే మినిస్ట్రెల్ వేషం. ఇక్కడ టోపీ తీస్తే సరిపోదు, కోటు మార్చినా సరిపోదు. ఆ నల్లటి ముఖం, ఎర్రటి పెదవులే బొమ్మ, అవే అవమానం. నిరసనలు పెరిగాక 1980ల్లో టీవీ ప్రకటనల నుంచి, 2001లో సీసాల మీద నుంచి దాన్ని తప్పించారు. టోనీని సవరించగలిగారు, గాలీని తీసెయ్యడం తప్ప దారి లేకపోయింది.

గీసేవాళ్లలో చాలామందికి దురుద్దేశం ఉండదు, అందుకే ఇలాంటి అవమానం కంటికి ఆనదు. ఆకుల లంగా కట్టి ఈటె పట్టుకున్న 'అడవి పిల్లాడు', తిండిపోతు బొద్దబ్బాయి, యాస మీద నవ్వు, ఇవన్నీ మన స్కెచ్‌బుక్కుల్లో ఇప్పటికీ ఉన్నాయి. బొమ్మ చూసి పిల్లలు నవ్వారా అని మాత్రమే అడిగితే చాలదు. ఏ పిల్లవాడిని పక్కన కూచోబెట్టుకుని ఆ బొమ్మ చూపించలేమో కూడా అడగాలి.

ఇంత జాగ్రత్తగా గీసిన టోనీకి కూడా చివరికి ఒక చోట దెబ్బ తగిలింది. తప్పు చారలదీ కాదు, కండువాదీ కాదు. 1952లో డబ్బా మీద చక్కెర అన్న మాట గొప్పగా పేరులోనే ఉండేది, 1980ల్లో కంపెనీయే దాన్ని తీసేసింది. చిలీలో 2016లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, చక్కెర ఎక్కువ అన్న హెచ్చరిక ముద్ర పడిన తిండి ప్యాకెట్ల మీద పిల్లల్ని ఆకర్షించే కార్టూన్ బొమ్మలు ఉండకూడదు. అక్కడ కార్న్‌ఫ్లేక్స్ డబ్బా మీద నుంచి పులి వెళ్లిపోయింది.