మౌస్ ముందా, మాట ముందా?

సినిమా డబ్బింగ్ అనగానే నటుల పెదవుల కదలిక గుర్తొస్తుంది. పెదవులే కనిపించని వీడియోకు తెలుగు మాటలు రాయడం సులువనిపిస్తుంది కూడా. ఐఐటీ బాంబే నడిపే స్పోకెన్ ట్యుటోరియల్స్ అలాంటివే. లిబ్రే ఆఫీస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లను సుమారు పది నిమిషాల పాఠాలుగా నేర్పుతాయి. తెర మీద బొమ్మ ఇంగ్లిష్ పాఠంలోదే. మారేది గొంతు ఒక్కటే. పెదవులు లేవు నిజమే, కానీ వాటి స్థానంలో మౌస్ బాణం ఉంటుంది. అది ఎవరి కోసమూ ఆగదు.

ఇలాంటి పాఠాలకు రాసే స్క్రిప్టులో రెండు నిలువు వరుసలుంటాయి. ఎడమ పక్క సమయం, కుడి పక్క చెప్పవలసిన మాట. ఒక వాక్యం 02:10 దగ్గర, తర్వాతిది 02:14 దగ్గర మొదలవుతాయంటే రాసేవాళ్ల చేతిలో ఉన్నవి నాలుగు సెకన్లు. ఆ లోపల ఎంత పడుతుందో ముందే అంచనా వేయాలి. దానికి అనుభవజ్ఞులు మాటలను కాదు, నోట పలికే అక్షరాలను లెక్కపెడతారు. తెలుగు మాట ఒక్కటే విభక్తులూ ప్రత్యయాలూ కలుపుకుని ఎంత పొడవైనా సాగుతుంది కాబట్టి మాటల లెక్క ఇక్కడ నమ్మదగ్గది కాదు. పొల్లులను వదిలేస్తారు: ‘ఫైల్’ ఒకటి, ‘బటన్’ రెండు.

గొంతు ఇచ్చే మనిషి తాపీగా చదివితే సెకనుకు ఆరు అక్షరాలు పలుకుతున్నాడనుకుందాం. నాలుగు సెకన్లకు ఇరవై నాలుగు. ఊపిరికీ, కామా దగ్గర ఆగడానికీ కొంత తీసేస్తే చేతికొచ్చేది ఇరవై. ఇప్పుడు ఇంగ్లిష్‌ను పదానికి పదంగా దించిన వాక్యం చూడండి: “తెరుచుకున్నటువంటి డైలాగ్ బాక్స్‌లో ఫైల్ యొక్క పేరును టైప్ చేసి, సేవ్ బటన్‌పై క్లిక్ చేయండి.” ఇరవై తొమ్మిది అక్షరాలు. ఆగకుండా చదివినా దాదాపు ఐదు సెకన్లు. “తెరుచుకున్న బాక్స్‌లో ఫైల్ పేరు టైప్ చేసి, సేవ్ బటన్ నొక్కండి” అంటే పంతొమ్మిది. ‘అటువంటి’, ‘యొక్క’ పోయాయి. అర్థంలో తగ్గిందేమీ లేదు, పైగా మనుషులు మాట్లాడే తెలుగులా ఉంది. ‘సేవ్’ను మాత్రం ముట్టుకోలేదు. తెర మీద ఉన్నది ఆ మాటే, చూసేవాళ్లు వెతికేదీ దాన్నే.

పొడవు సరిపోయినంత మాత్రాన పని అయిపోదు. అసలు చిక్కు వాక్యం లోపలి వరసలో ఉంది.

ఇంగ్లిష్ పాఠకుడు ముందు ‘ఓకే క్లిక్ చేయండి’ అనే ముక్క పలికి, ఎందుకు చేయాలో వెనక చెబుతాడు. వీడియోలో క్లిక్ కూడా ఆ ‘ఓకే’ దగ్గరే జరిగిపోతుంది. తెలుగులో సహజంగా వచ్చే వాక్యం “డైలాగ్ బాక్స్ మూయడానికి ఓకే క్లిక్ చేయండి.” ఎనిమిది అక్షరాలు దాటాక గానీ ‘ఓకే’ వినపడదు. అప్పటికి సెకను పైగా గడిచింది, బాక్సు మాయమైంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు లేని బటన్ కోసం కళ్లు చికిలిస్తారు. మందు తేలికే, వాక్యాన్ని రెండుగా విరవడం: “ఓకే క్లిక్ చేయండి. బాక్స్ మూసుకుంటుంది.” మౌస్‌కు, మాటకు పొత్తు కుదిరింది. ‘ఇన్సర్ట్ మెనూ క్లిక్ చేయండి’ వంటి చోట్ల మాత్రం తెలుగుదే పైచేయి. పేరు ముందు వస్తుంది, బాణం అక్కడికి చేరే లోపే చెవి సిద్ధంగా ఉంటుంది.

అంకెలు మరో ఉచ్చు. కాగితం మీద 1995 నాలుగు గుర్తులే. ‘పంతొమ్మిది వందల తొంభై ఐదు’ అని పలికితే పదకొండు అక్షరాలు, అంటే రెండు సెకన్లకు కాస్త తక్కువ. అందుకే చదివే స్క్రిప్టులో అంకెలను అక్షరాల్లోనే రాసుకోవడం మేలు. ఎంత చోటు తింటున్నాయో కంటికి తెలుస్తుంది.

రాసింది కుదిరిందో లేదో తేల్చడానికి ఇంగ్లిష్ శబ్దం ఆపేసి, వీడియో నడుపుతూ స్క్రిప్టును గట్టిగా చదవాలి. మనసులో చదివితే ప్రతి వాక్యమూ పట్టినట్టే ఉంటుంది! ‘చేయండి’లో చివరి ‘డి’ మింగుడు పడుతుంటే ఆ వరుస పొడవైందన్న మాట. ఒక్కో వరుసా అర సెకను మీరితే, వాటిని ఒకదాని వెనక ఒకటి అతికించుకుంటూ పోయినప్పుడు పదో వరుసకు గొంతు ఐదు సెకన్లు వెనకబడుతుంది. అందుకని ప్రతి వరుసనూ దాని సమయం దగ్గరే మొదలుపెట్టి, మీరిన దాన్ని అక్కడికక్కడే కోయాలి. వీడియోలో మౌస్ ఊరకే నిలిచిన చోట మిగిలే నిశ్శబ్దాన్ని వాడుకుని తర్వాతి వాక్యాన్ని కాస్త ముందే ఎత్తుకోవచ్చు, అది చూపించే పని తెర మీద ఇంకా మొదలు కాకపోయినా చెవికి ఇబ్బంది ఉండదు.

కొందరు ఆడాసిటీలో టెంపో పెంచి గట్టెక్కుతారు. స్వరం మారకుండా నిడివి తగ్గించే సదుపాయం అది. ఒకటి రెండు వరుసలకు, కొద్దిగా వాడితే పట్టుబడదు. ఎక్కువ బిగిస్తే ఒత్తక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అలాంటి వరుస దొరికినప్పుడు మళ్లీ రికార్డు చేయడానికి ముందు స్క్రిప్టులో ఆ వాక్యాన్నే తిరగరాయాలి.