తెలిసీ ఎందుకు చెయ్యరు?

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో క్షయను ముందే పట్టుకోవడానికి ఎక్స్‌రే వ్యాన్లు వీధుల్లోకే వచ్చేవి. పైసా ఖర్చు లేదు. క్షయ ప్రాణం తీస్తుందని తెలియనివాళ్లూ లేరు. అయినా చాలామంది పరీక్ష చేయించుకోలేదు. ఆ దేశపు ప్రజారోగ్య శాఖలో పనిచేసే మనస్తత్వ శాస్త్రవేత్త గాడ్‌ఫ్రే హాక్‌బామ్, 1952లో మూడు నగరాల్లో వెయ్యిమందికి పైగా పెద్దవాళ్లను కలిసి మాట్లాడించాడు.

క్షయ గురించి ఎంత తెలుసు అన్నదానితో ఆయన ఆగలేదు. అది మీకు రావచ్చనుకుంటున్నారా, ఒంట్లో బాగానే ఉన్నప్పుడు ముందుగా కనిపెడితే మేలు ఉందనుకుంటున్నారా అని కూడా ఆరా తీశాడు. రెండూ నమ్మినవాళ్లలో నూటికి 82 మంది తమంతట తాము ఎక్స్‌రే తీయించుకున్నారు. రెండూ నమ్మనివాళ్లలో 21 మందే. జబ్బు ప్రమాదకరమని తెలియడం వేరు, అది నా దాకా వస్తుందని అనుకోవడం వేరు అన్నమాట.

హాక్‌బామ్, ఆయన సహచరుడు ఇర్విన్ రోజెన్‌స్టాక్, మరికొందరు కలిసి దీని నుంచి ‘ఆరోగ్య విశ్వాస నమూనా’ను తయారుచేశారు. మనిషి మనసులో జరిగే లెక్క అది. ఈ జబ్బు నాకు వస్తుందా? వస్తే ఎంత నష్టం? ఈ పని చేస్తే నిజంగా తప్పుతుందా? చెయ్యడానికి ఎంత ఇబ్బంది పడాలి? ఈ లెక్కంతా కుదిరినా, ఇవాళే లేచి వెళ్లడానికి ఒక కదలిక కావాలి. అది పక్కింట్లో ఎవరికో జబ్బు రావడం కావచ్చు, నర్సు ఇంటికొచ్చి పిలవడం కావచ్చు.

మన ఆరోగ్య ప్రచారం ఎక్కువగా రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. భయపెడితే చాలనుకుంటుంది. ఆ నమూనా బృందంలోనే ఉన్న హోవర్డ్ లెవెంథాల్ తర్వాత యేల్ విశ్వవిద్యాలయంలో దీన్ని పరీక్షించి, 1965లో ఫలితాలు ప్రకటించాడు. ధనుర్వాతం గురించి విద్యార్థులకు పుస్తకాలిచ్చాడు. కొందరి పుస్తకాల్లో ఒళ్లు జలదరించే ఫొటోలున్నాయి. అవి చదివినవాళ్లు బాగా భయపడ్డారు, టీకా తప్పక వేయించుకుంటామన్నారు. కానీ వెళ్లి వేయించుకున్నది నూటికి ముగ్గురే. మరి కొందరికి పుస్తకంతో పాటు క్యాంపస్ పటం కూడా ఇచ్చాడు. అందులో ఆరోగ్య కేంద్రం చుట్టూ గీత గీసి ఉంది. ఈ వారంలో ఎప్పుడు వీలవుతుందో చూసుకోమని కూడా చెప్పాడు. ఈసారి సుమారు 28 మంది వెళ్లారు. వాళ్లంతా చివరి ఏడాది విద్యార్థులు. ఆ కేంద్రం ఎక్కడుందో వాళ్లకు ముందే తెలుసు. పటం వాళ్లకు దారి చూపించలేదు, ‘ఎప్పుడో’ను ‘బుధవారం మధ్యాహ్నం’ చేసింది.

మన దేశంలో నాకు బాగా నచ్చిన ఉదాహరణ రాజస్థాన్‌లోని ఉదయపూర్ పల్లెలది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం అక్కడ సేవామందిర్ సంస్థతో కలిసి పనిచేసింది. ప్రభుత్వ ఉపకేంద్రాలకు నర్సులు తరచూ వచ్చేవారు కాదు. బిడ్డను చంకనెత్తుకుని, కూలి పోగొట్టుకుని వెళ్తే తలుపుకు తాళం కనిపించేది. ప్రత్యేక ఏర్పాటేమీ లేని ఊళ్లలో టీకాలన్నీ పూర్తయిన పిల్లలు నూటికి ఆరుగురే. ప్రతి నెలా తప్పకుండా శిబిరం పెట్టిన ఊళ్లలో 18 మంది. శిబిరంతో పాటు ప్రతి టీకాకు కిలో పప్పు, అన్నీ పూర్తయ్యాక స్టీలు కంచాలు ఇచ్చిన ఊళ్లలో 39 మంది. పప్పు కోసం నమ్మకాలు మార్చుకున్నారని కాదు. టీకా మేలు ఎన్నో ఏళ్ల తర్వాత, అదీ జబ్బు రాకపోవడం రూపంలో, కంటికి కనిపించకుండా వస్తుంది. కూలి నష్టం మాత్రం ఇవాళే, చేతిలోంచే. ఆ నష్టాన్ని పప్పు కొంత పూడ్చింది. ఇలాంటి తల్లులను అజ్ఞానులనడం అన్యాయం.

వ్యాయామం దగ్గరికొచ్చేసరికి ఈ నమూనా కొంచెం తడబడింది. ఎక్స్‌రే, టీకా లాంటివి ఒకటి రెండుసార్లు చేస్తే అయిపోతాయి. నడక రోజూ నడవాలి. అందుకే 1988లో రోజెన్‌స్టాక్, ఆయన సహచరులు మరో ప్రశ్న చేర్చారు: ఇది నావల్ల అవుతుందా? మోకాళ్ల నొప్పులున్న యాభై ఏళ్ల ఇల్లాలికి షుగరు వల్ల కళ్లు, కిడ్నీలు పోతాయని మళ్లీ మళ్లీ చెబితే ఆమెకు కొత్తగా తెలిసేదేమీ లేదు. తెల్లవారగానే పాలు, టిఫిను, క్యారేజీలు, వీధిలో కుక్కలు, నాలుగు రోజులు నడిచి మానేసిన పాత అనుభవం. ఆమెను ఆపుతున్నవి ఇవి. క్యారేజీలు సర్దాక పది నిమిషాలు డాబా మీద నడవగలరా, రేపు ఎన్ని గంటలకు అని అడిగే డాక్టరు ఆమె అసలు చిక్కు దగ్గరికి వెళ్తాడు.

ఈ నమూనాకు హద్దులున్నాయి. అలవాటు బలాన్ని ఇది పట్టించుకోదు. అనేక అధ్యయనాలను కలిపి 2010లో చేసిన ఒక విశ్లేషణలో, మనుషులు చేస్తారా లేదా అన్నది ‘నాకు వస్తుంది’ అన్న భావం కంటే లాభం, ఇబ్బంది అన్న రెండింటినీ బట్టే ఎక్కువగా తేలింది. అంటే, టీకా కేంద్రం కూలి పని ముగిశాక సాయంత్రం కూడా తెరిచి ఉంచడం, గోడమీద మరో పోస్టరు అంటించడం కంటే ముందు చెయ్యాల్సిన పని.