గాలి కంటే ముందు గడ్డిపరక చల్లబడుతుంది

డిసెంబరు తెల్లవారుజామున వీధిలోకి చూస్తే ఒక తేడా కనిపిస్తుంది. ఆరుబయట నిలిపిన బండి సీటు మంచుకు తడిసి ఉంటుంది. నాలుగడుగుల అవతల వేపచెట్టు కింద పెట్టిన బండి సీటు మాత్రం పొడిగా ఉంటుంది. గరిక నిండా నీటిచుక్కలుంటాయి, దాని పక్కనున్న సిమెంటు అరుగు మీద తడే ఉండదు. వీటన్నిటి చుట్టూ ఉన్నది ఒకే గాలి. మరి మంచు ఒకచోట పట్టి ఇంకోచోట ఎందుకు పట్టలేదు?

ముందు గాలి సంగతి చూద్దాం. గాలిలో నీటి ఆవిరి ఎప్పుడూ ఎంతో కొంత ఉంటుంది, కంటికి కనపడదు. ఎంత ఆవిరి ఉండగలదన్నది వెచ్చదనాన్ని బట్టి ఉంటుంది. 26 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 24 గ్రాముల ఆవిరి ఉండగలదు. 15 డిగ్రీల దగ్గర ఆ హద్దు 13 గ్రాముల లోపే. హద్దు దాటిన ఆవిరి నీరుగా మారాల్సిందే.

తెలంగాణ పల్లెలో ఒక చలికాలపు సాయంత్రాన్ని ఊహించుకుందాం. ఆరు గంటలకు గాలి 26 డిగ్రీలుంది, తేమ 50 శాతం. అంటే ఉండగలిగిన 24 గ్రాములలో సగం, 12 గ్రాముల ఆవిరి మాత్రమే ఉంది. ఇప్పటికి ఇంకా బోలెడంత చోటుంది. కానీ ఇదే గాలిని చల్లబరుస్తూ పోతే హద్దు తగ్గుతూ వచ్చి, 15 డిగ్రీల దగ్గర ఉన్న ఆవిరే నిండుకు సరిపోతుంది. ఇంకాస్త చల్లబడితే నీరు దిగుతుంది. ఆ సాయంత్రపు గాలికి ఆ 15 డిగ్రీలే డ్యూ పాయింట్.

దీన్ని ఇంట్లోనే కొలవచ్చు. పలుచని స్టీలు గ్లాసులో సగానికి నీళ్లు పోసి, థర్మామీటరు ఉంచి, ఐసు ముక్కలు కొద్దికొద్దిగా వేస్తూ కలుపుతూ ఉండాలి. గ్లాసు వెలుపలి మెరుపు మసకబారిన క్షణంలో థర్మామీటరు ఎంత చూపిస్తే ఆ గాలి డ్యూ పాయింట్ దాదాపు అంతే. ఐసు ఒక్కసారిగా గుమ్మరిస్తే ఆ క్షణం దాటిపోయి లెక్క తప్పుతుంది.

గాలి ఉష్ణోగ్రతకూ డ్యూ పాయింట్‌కూ సంబంధం ఇక్కడే తెలుస్తుంది. పొద్దుగూకాక గాలి 26 నుంచి 20కి, అక్కడి నుంచి 17కి దిగుతుంది. గాలిలోని ఆవిరి మాత్రం పెద్దగా మారదు కాబట్టి డ్యూ పాయింట్ 15 దగ్గరే నిలుస్తుంది. రెండిటి మధ్య 11 డిగ్రీలున్న దూరం రెండుకు తగ్గుతుంది. కొత్తగా చుక్క నీరు చేరకపోయినా తేమ శాతం 50 నుంచి 87 దాకా పెరుగుతుంది. డ్యూ పాయింట్ గాలి ఉష్ణోగ్రతను మించదు. రెండూ ఒకటైతే తేమ నూరు శాతం, అప్పుడు పొగమంచు కమ్ముకుంటుంది.

కానీ మన ఉదాహరణలో గాలి 17 దగ్గరే ఆగింది, 15కి చేరలేదు. అయినా గడ్డి తడిసింది. గడ్డి గాలి కంటే చల్లబడడమే దీనికి కారణం. భూమి మీది ప్రతి వస్తువూ రాత్రింబగళ్లు కంటికి కనపడని కిరణాలుగా వేడిని బయటికి వదులుతూనే ఉంటుంది. మబ్బులేని రాత్రి ఆకాశం నుంచి తిరిగి వచ్చే వేడి తక్కువ, పోయేది ఎక్కువ. గడ్డిపరక పలుచన, దానిలో దాచుకున్న వేడి కొంచెమే. పరకల మధ్య చిక్కిన గాలి నేల వేడిని పైకి రానివ్వదు. అందుకే మన ఎత్తున గాలి 17 ఉన్నప్పుడు పరక 13కి పడిపోగలదు. దానికి ఆనుకున్న పలుచని గాలిపొర కూడా 15 కిందికి దిగి, అందులోని ఆవిరి పరక మీదే నీరవుతుంది. సిమెంటు అరుగు పగలంతా పీల్చుకున్న వేడిని రాత్రంతా నెమ్మదిగా వదులుతుంది కనుక డ్యూ పాయింట్ దాకా దిగదు.

ఈ విషయాన్ని తేటతెల్లం చేసినవాడు లండన్ వైద్యుడు విలియం చార్లెస్ వెల్స్. మంచు మీద ఆయన వ్యాసం 1814లో వెలువడింది. తూచిన ఉన్ని ముద్దలను రాత్రి బయట ఉంచి, తెల్లారి మళ్లీ తూచేవాడు. ఒక రాత్రి పైకప్పు లేని, రెండున్నర అడుగుల ఎత్తు మట్టి గొట్టాన్ని గడ్డి మీద నిలబెట్టి లోపల ఒక ముద్ద ఉంచాడు. అలాంటిదే మరొకటి బయట ఉంచాడు. బయటిది 16 గ్రెయిన్లు బరువెక్కితే లోపలిది రెండుకు కాస్త పైన మాత్రమే. మంచు వానలా పైనుంచి రాలేదైతే, తెరిచి ఉన్న గొట్టంలోనూ పడాలి కదా! లోపలి ఉన్నికి దక్కినది ఆకాశంలో చిన్న ముక్క. చుట్టూ గోడ అడ్డు ఉండడంతో అది అంతగా చల్లబడలేదు. గడ్డికి ఆరంగుళాల పైన పలుచని చేతిరుమాలు పరిచినా, కింది గడ్డి బయటి గడ్డి కంటే వెచ్చగా ఉందని కూడా ఆయన కనిపెట్టాడు.

వేపచెట్టు చేసేదీ ఇదే. దాని కొమ్మలు దాదాపు గాలి అంత వెచ్చగా ఉండి, సీటు వదిలే వేడికి ఇంచుమించు సమానంగా వేడిని కిందికి పంపుతాయి. మబ్బు పట్టిన రాత్రి ఊరంతటికీ అదే జరుగుతుంది. గాలి వీస్తే ఫలితం అదే గానీ కారణం వేరు: పైనున్న వెచ్చని గాలి వచ్చి పరకను తాకుతూ దాన్ని చల్లబడనివ్వదు.

అందుకని మంచు పట్టడం తెల్లవారుజామునే మొదలవుతుందనుకోకూడదు. పరక 15కి దిగిన గంట నుంచే, అది రాత్రి పది అయినా సరే, తడి మొదలవుతుంది. తెల్లారే దాకా పేరుకుంటుంది కాబట్టి అప్పుడు ఎక్కువ కనిపిస్తుంది. ఎంత పేరుకున్నా ఒక రాత్రికి అర మిల్లీమీటరు దాటడం అరుదు, ఎందుకంటే ఆవిరి నీరయ్యేటప్పుడు వేడి విడుదలై పరక చల్లబడే వేగాన్ని తగ్గిస్తుంది.

ఆకు మీది ప్రతి చుక్కా మంచు కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. వరి నారుమడిలో ప్రతి మొక్క కొసనా ఒక్కో పెద్ద చుక్క నిలిచి, మిగతా ఆకు పొడిగా ఉంటే, అది వేళ్లు పీల్చిన నీరు ఆకు కొస నుంచి బయటికి వచ్చింది. మంచైతే ఆకంతా సన్నని బిందువులు పరుచుకుంటాయి. పక్కనున్న గట్టు మీద ఎండు గడ్డిని తడిమి చూస్తే అనుమానం తీరుతుంది: ఎండుగడ్డి నీటిని పీల్చి కార్చలేదు, అది తడిగా ఉంటే అది మంచే.

రేపు ఉదయం గడ్డి తడుస్తుందా అన్నది ఈ రాత్రే అంచనా కట్టవచ్చు. ఫోన్‌లో వాతావరణ వివరాలు చూస్తే చాలావాటిలో డ్యూ పాయింట్ ఉంటుంది. ఆ అంకెనూ, తెల్లవారుజామున ఉండబోయే కనిష్ఠ ఉష్ణోగ్రతనూ పక్కపక్కన పెట్టండి. రెండిటి మధ్య దూరం మూడు నాలుగు డిగ్రీలకు మించకుండా, మబ్బు, గాలి లేకుండా ఉంటే గడ్డి తడిసే అవకాశం ఎక్కువ. దూరం పదికి పైనుంటే, ఎంత చలేసినా, కళ్లాంలో ఆరబోసిన ధాన్యానికి ఆ రాత్రి మంచు భయం ఉండదు.