డేటా లేకున్నా జపాన్‌ లేబుల్‌ చదవాలంటే

చేప ముట్టనివాళ్లకు జపాన్‌లో అసలు చిక్కు కన్వీనియన్స్ స్టోర్‌లో మొదలవుతుంది. అన్నం ముద్ద పైకి శాకాహారంలాగే కనిపిస్తుంది. లోపల ఎండు చేప సారం ఉందో లేదో వెనకాల సన్నటి జపనీస్ అక్షరాల్లో రాసి ఉంటుంది. ఆ వేళకు ఫోన్‌లో డేటా లేకపోతే గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ముందే దించుకున్న భాషా ప్యాకే దిక్కు.

ఇంట్లో వైఫై ఉండగానే యాప్ తెరిచి, పైనున్న మీ ఫొటో నొక్కి, Downloaded languages లోకి వెళ్లండి. జపనీస్, తెలుగు రెండూ దించుకోండి. ఒక్కో ప్యాక్ కొన్ని పదుల ఎంబీలే.

రెండూ ఎందుకంటే, నెట్ లేనప్పుడు యాప్ జపనీస్‌ను నేరుగా తెలుగులోకి తేదు. మధ్యలో ఇంగ్లిష్ మీదుగా వస్తుంది. రెండు చేతులు మారేసరికి అర్థం కాస్త చెదురుతుంది. తెలుగులో కర్త, కర్మ లేకుండా మాట్లాడే అలవాటు మనది. ‘తినం’ అని ఒక్క మాట కొడితే ఏమిటి అన్నది యాప్ ఊహించుకోవాలి. ‘మేము చేపలు తినము. ఇందులో చేప ఉందా?’ అని పొట్టి వాక్యాలుగా, పూర్తిగా టైప్ చేస్తే తప్పు తగ్గుతుంది. టైప్ చేయమనడానికీ కారణముంది: మాటను విని గుర్తుపట్టడం వేరే పని, నెట్ లేకుండా అది సాగుతుందని నమ్ముకోవద్దు.

ప్యాక్ దిగిందని సంతోషపడితే చాలదు, బయల్దేరే ముందే పరీక్షించాలి. వైఫై ఆపేసి, ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, ఇంకో ఫోన్‌లో ముందుగా తెరిచి ఉంచిన జపనీస్ లేబుల్ ఫొటోకి కెమెరా చూపండి. అక్షరాల మీద అనువాదం పరుచుకుంటే సరే. తెలుగులోకి రాకపోతే ఇంగ్లిష్‌లోకి మార్చి చూడండి. కెమెరా పనిలో నాకైతే ఇంగ్లిషే మేలనిపిస్తుంది, ఒక మలుపు తగ్గుతుంది కదా. ఫోన్ నిదానంగా ఉందని యాప్ డేటా క్లియర్ చేస్తే ప్యాకులు కూడా పోతాయి. ఆ పని చేస్తే మళ్లీ దించుకోవాల్సిందే.

ఇక దుకాణంలో. ప్యాకెట్ మెరుస్తుంటే కాస్త వంచి, నీడలో పట్టుకోండి. చెయ్యి కదలకుండా పదార్థాల జాబితా ఒక్కటే తెర నిండా ఉంచండి. మాటలు క్షణానికోసారి మారిపోతుంటే కెమెరా తడబడుతోందని గుర్తు. అప్పుడు ఫొటో తీసి, ఆ ఫొటోనే చదివించండి. ఇంగ్లిష్‌లో bonito అని కనిపిస్తే అది చేపే, పక్కన పెట్టేయండి.

హోటల్ మెనూ దగ్గర ఈ పప్పులు అంతగా ఉడకవు. కుంచెతో నిలువుగా రాసిన అక్షరాలను కెమెరా తరచు తప్పుగా చదువుతుంది. సరిగ్గా చదివినా మిసో సూప్ అనే వస్తుంది. ఆ సూప్‌కి మామూలుగా వాడే చేప రసం సంగతి మెనూలో రాయరు. అక్కడ టైప్ చేసిన ప్రశ్నను వడ్డించే వాళ్లకి చూపించి అడగాల్సిందే.