మూడు రూపాయల లెక్క

నలుగురు స్నేహితులు సెకండ్ షోకి వెళ్లారనుకుందాం. ఒకే వరుసలో పక్కపక్కనే నాలుగు సీట్లు దొరికాయి. బొమ్మ మొదలవకముందే ఐదో స్నేహితుడు వచ్చాడు. పక్క సీటులో అప్పటికే వేరేవాళ్లు కూర్చున్నారు. విడివిడిగా కూర్చోవడం వీళ్లకు ఇష్టం లేదు. ఇంకేం చేస్తారు? ఐదుగురికీ చోటున్న మరో వరుస చూసుకుని, నలుగురూ లేచి అక్కడికి మారాల్సిందే.

కంప్యూటర్ మెమరీలో అర్రే అనే జాబితాకు ఎదురయ్యే ఇబ్బంది అచ్చం ఇదే. అర్రేలోని అంశాలన్నీ మెమరీలో వరుసగా, మధ్యలో ఖాళీ లేకుండా ఉండాలి. ఆ నియమం వల్లే అర్రేకు అంత వేగం. మొదటి అంకె 1000వ చిరునామాలో ఉండి, ఒక్కో అంకెకు 4 బైట్ల చోటు పడుతుందంటే, ఏడో అంకె 1024 దగ్గర ఉందని వెతక్కుండానే చెప్పవచ్చు. అయిదువందలో అంకె 2996 దగ్గర ఉంటుంది. ఒక గుణకారం, ఒక కూడిక, అంతే పని. వరుస తప్పితే ఈ సౌకర్యం పోతుంది. అందుకే చోటు చాలనప్పుడు పెద్ద ఖాళీ స్థలం ఇంకోచోట తీసుకుని, పాతవన్నిటినీ అక్కడికి కాపీ చేసి, ఆ తర్వాతే కొత్తదాన్ని చివర చేర్చాలి. ఒక్కోసారి పక్క స్థలం ఖాళీగానే దొరకవచ్చు గానీ, ఆ అదృష్టాన్ని నమ్ముకుని లెక్క వేయలేం.

ఎంతమంది వస్తారో ముందే తెలిస్తే అసలు చిక్కే లేదు. ఫైలు చదువుతున్న ప్రోగ్రాముకు అందులో ఎన్ని వరుసలున్నాయో చాలాసార్లు చివరిదాకా తెలియదు. అవసరాన్ని బట్టి పెరిగే అర్రేను డైనమిక్ అర్రే అంటారు. నిండినప్పుడల్లా ఎంత చోటు అదనంగా తీసుకోవాలన్నదే దాని ముందున్న ప్రశ్న.

పిసినారి పద్ధతి ఒకటుంది. ఒక మనిషి వచ్చాడు కాబట్టి ఒక్క సీటే ఎక్కువ తీసుకుందాం. అప్పుడు వచ్చే ప్రతివాడి కోసం అప్పటిదాకా ఉన్నవాళ్లందరూ లేచి మారాలి. వెయ్యి మంది చేరేసరికి మొత్తం 4,99,500 మార్పిళ్లు జరుగుతాయి. కొంచెం ఉదారంగా పదేసి సీట్లు పెంచుకుంటూ పోతే ఆ సంఖ్య 49,500కి తగ్గుతుంది. పదో వంతుకు దిగిందని సంతోషించేలోపు, వెయ్యికి బదులు పది లక్షల మంది వచ్చారనుకోండి. పదేసి పెంచే పద్ధతిలో మార్పిళ్లు దాదాపు 5,000 కోట్లకు చేరతాయి. మనుషులు వెయ్యి రెట్లు పెరిగితే పని పది లక్షల రెట్లు పెరిగింది.

ఇప్పుడు మూడో పద్ధతి చూద్దాం. ఒక్క సీటుతో మొదలుపెట్టి, నిండిన ప్రతిసారీ రెట్టింపు చేయడం. 1, 2, 4, 8, 16 అలా పెరుగుతుంది. వెయ్యి మందికి జరిగే మార్పిళ్లు 1, 2, 4, 8 నుంచి 512 వరకు కలిపితే వచ్చేది 1,023. పది లక్షల మందికైతే 10,48,575. రావలసినవాళ్ల సంఖ్యకు కాస్త అటూ ఇటూగా, అంతే. అది ఎన్నటికీ ఆ సంఖ్యకు రెట్టింపు దాటదు.

ఇక్కడ జాగ్రత్తగా చదివేవారికి ఒక సందేహం రావాలి. 513వ మనిషి వచ్చినప్పుడు 512 మంది లేచి మారారు కదా, ఆ ఒక్క చేర్పుకు అంత పని పడితే, చేర్చడం చవకైన పని అని ఎలా అంటాం? ఒక్కో చేర్పునూ విడిగా చూసి, అన్నిట్లోకీ కష్టమైనదాన్ని పట్టుకుని, అన్నీ అంతే కష్టమని లెక్కేస్తే వెయ్యి చేర్పులకు అయిదు లక్షల పని పడుతుందన్న తప్పుడు భయం కలుగుతుంది. ఖరీదైన చేర్పు అరుదన్న సంగతి ఆ లెక్కలోకి రాదు. దాన్ని లెక్కలోకి తెచ్చే పద్ధతికే అమార్టైజ్డ్ విశ్లేషణ అని పేరు. అప్పును వాయిదాల్లో తీర్చడాన్ని బ్యాంకుల్లో అమార్టైజేషన్ అంటారు, అక్కడి నుంచే ఈ మాట వచ్చింది. కంప్యూటర్ శాస్త్రంలో ఈ తరహా లెక్కను ఒక పద్ధతిగా వివరిస్తూ రాబర్ట్ టార్జాన్ 1985లో వ్యాసం ప్రచురించారు. అందులో ఆయన రెండు చూపులు చూపించారు. ఒకటి భౌతికశాస్త్రవేత్తది, రెండోది బ్యాంకరుది. మనకు బ్యాంకరు చూపు చాలు.

సీటులో కూర్చోవడానికి ఒక రూపాయి, లేచి కొత్త వరుసకు మారడానికి మనిషికి ఒక రూపాయి ఖర్చనుకుందాం. వచ్చే ప్రతి మనిషి దగ్గరా మూడు రూపాయలు వసూలు చేద్దాం. ఎవరి దగ్గరా అంతకుమించి పైసా అడగం.

నలుగురు ఇప్పుడే ఎనిమిది సీట్ల వరుసకు మారారు, మారేందుకే డబ్బంతా అయిపోయి హుండీ ఖాళీగా ఉంది. అయిదోవాడు మూడు రూపాయలు ఇచ్చాడు. కూర్చోవడానికి ఒకటి పోగా రెండు మిగిలాయి, హుండీలో వేశాం. ఆరు, ఏడు, ఎనిమిదో మనుషులూ అలాగే తలా రెండు మిగిల్చారు. వరుస నిండేసరికి హుండీలో ఎనిమిది రూపాయలున్నాయి. తొమ్మిదోవాడు వచ్చాడు, ఎనిమిది మంది మారాలి, ఎనిమిది రూపాయలూ సరిగ్గా సరిపోయాయి. ఆ రెండు రూపాయల్లో ఒకటి ఆ మనిషి తాను మారేందుకు దాచుకున్నది. రెండోది, డబ్బు అయిపోయిన ఒక పాతవాడి తరఫున కట్టినది. పదహారు నిండేటప్పటికి మళ్లీ హుండీలో పదహారు ఉంటాయి. లక్ష నిండినా, కోటి నిండినా హుండీ అప్పుల్లోకి పోదు. కాబట్టి చేర్పులు ఎన్నయినా మొత్తం ఖర్చు, చేర్పుల సంఖ్యకు మూడు రెట్లు దాటదు.

దీన్ని మామూలు సగటుతో కలిపేయకూడదు. పాఠం చెప్పేటప్పుడు చాలామంది తడబడేది ఇక్కడే అని నాకనిపిస్తుంది. సగటున వాన ఇంత పడుతుంది అన్నప్పుడు అందులో అదృష్టం పాలుంటుంది, ఏదో ఒక ఏడాది ఎండిపోవచ్చు. మూడు రూపాయల లెక్కలో సంభావ్యత అనేదే లేదు. ఏ అంకెలు వచ్చినా, ఏ క్రమంలో వచ్చినా మొత్తం ఖర్చు ఆ హద్దు దాటదు. అది గ్యారంటీ.

పదేసి పెంచే పద్ధతి ఎందుకు కూలిపోతుందో ఇదే హుండీ చెబుతుంది. వరుసలో వెయ్యి మంది ఉన్నారు. పది సీట్లు కొత్తగా వచ్చాయి, పది మంది వచ్చి కూర్చున్నారు, హుండీలో పడింది ఇరవై రూపాయలు. ఇప్పుడు మారాల్సింది 1,010 మంది. ఇరవై రూపాయలు ఏ మూలకు? పదికి బదులు వెయ్యేసి పెంచినా గతి మారదు, కూలిపోవడం కాస్త ఆలస్యమవుతుంది. పాతవాళ్లు ఎంతమంది ఉన్నారో దాన్ని బట్టి కొత్త చోటు పెరిగితేనే, పాతవాళ్ల ఖర్చు మోయడానికి తగినంతమంది కొత్తవాళ్లు వస్తారు. కీలకం రెట్టింపులో కాదు, కూడడానికి బదులు హెచ్చించడంలో ఉంది. ఒకటిన్నర రెట్లు పెంచినా లెక్క నిలుస్తుంది, ఒక్కొక్కరి దగ్గర తీసుకునే రుసుము కాస్త పెరుగుతుంది, ఖాళీగా పడి ఉండే సీట్లు తగ్గుతాయి.

సీ ప్లస్ ప్లస్ తెలిసినవారు దీన్ని కళ్లారా చూడవచ్చు. ఆ భాషలో డైనమిక్ అర్రే పేరు `std::vector`.

```cpp
#include <iostream>
#include <vector>

int main() {
    std::vector<int> v;
    std::size_t cap = 0;
    for (int i = 1; i <= 1000; i++) {
        v.push_back(i);
        if (v.capacity() != cap) {
            cap = v.capacity();
            std::cout << i << " " << cap << "\n";
        }
    }
}
```

జీసీసీ కంపైలరుతో దీన్ని నడిపితే వెయ్యి చేర్పుల్లో పదకొండు వరుసలే అచ్చవుతాయి. `9 16` అంటే తొమ్మిదో అంకె వచ్చినప్పుడు కెపాసిటీ పదహారుకు పెరిగిందని. ఆఖరి వరుస `513 1024`. మైక్రోసాఫ్ట్ కంపైలరుతో అయితే 1, 2, 3, 4, 6, 9, 13 అంటూ ఒకటిన్నర రెట్ల పెరుగుదల కనిపిస్తుంది.

ఈ గ్యారంటీ దేనికి వర్తించదో కూడా తెలుసుకోవాలి. అది మొత్తం ఖర్చుకే ఇచ్చిన మాట, ఏ ఒక్క చేర్పుకూ కాదు. ఫైలు మొత్తం చదవడానికి ఎంతసేపు పడుతుందన్నదే ప్రశ్న అయితే 513వ చేర్పు కాస్త ఆగినా ఎవరికీ పట్టదు. గడువులోపు ప్రతిసారీ జవాబు ఇచ్చి తీరాల్సిన యంత్రంలో మాత్రం ఆ ఒక్క ఆలస్యమే కొంప ముంచవచ్చు. హుండీలో డబ్బు ఉన్నంత మాత్రాన 512 మంది మారడానికి పట్టే సమయం మాయం కాదు. పైగా మారుతున్న ఆ కాసేపు పాత వరుస, కొత్త వరుస రెండూ మన ఆధీనంలోనే ఉండాలి, అంటే మెమరీ వాడకం ఆ క్షణంలో ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఇంకోటి, పాత సీటు నంబరు ఎవరైనా రాసుకుని ఉంటే, మారాక ఆ నంబరు దగ్గర మనవాడు ఉండడు. సీ ప్లస్ ప్లస్‌లో పాత పాయింటరును పట్టుకుని, చేర్పు జరిగాక దాన్ని వాడి దెబ్బతిన్న ప్రోగ్రాములు కొల్లలు. చేర్పు చిన్నవాటితో పరీక్షిస్తే ఆ తప్పు బయటపడకపోవచ్చు, ఎందుకంటే అర్రే మారేది కెపాసిటీ నిండినప్పుడు మాత్రమే.

మనుషులు వెళ్లిపోతున్నప్పుడు ఇంకో ఉచ్చు ఉంది. సగం ఖాళీ అవగానే చిన్న వరుసకు మారిపోదాం అని నియమం పెట్టామనుకోండి. ఎనిమిది మంది ఎనిమిది సీట్లలో ఉన్నారు. తొమ్మిదోవాడు వచ్చాడు, పదహారు సీట్లకు మారారు. వాడు వెంటనే వెళ్లిపోయాడు, సగం ఖాళీ అయింది కాబట్టి ఎనిమిది సీట్లకు దిగారు. వాడు మళ్లీ వచ్చాడు. ఇలా ఒక్కడు గుమ్మంలో అటూ ఇటూ తిరిగితే ప్రతిసారీ ఎనిమిది మంది లేచి నిలబడాలి, మధ్యలో హుండీ నింపడానికి ఎవరూ లేరు. అందుకే నాలుగో వంతుకు పడిపోయాక గానీ చోటును సగం చేయకూడదు. అప్పుడు రెండు మార్పిళ్ల మధ్య తప్పనిసరిగా చాలా రాకపోకలు జరుగుతాయి, లెక్క మళ్లీ నిలుస్తుంది. సీ ప్లస్ ప్లస్ వెక్టర్ ఈ తలనొప్పి పెట్టుకోదు. అంశాలు తీసేసినా తనంతట తాను కెపాసిటీని తగ్గించుకోదు.

ఎన్ని అంశాలు రాబోతున్నాయో తెలిసిన సందర్భంలో `v.reserve(1000000)` అని ముందే చెప్పేస్తే ఒక్క కాపీ కూడా ఉండదు. అయితే ఈ సదుపాయాన్నే తప్పుగా వాడి, హెచ్చించే పద్ధతిని చేజేతులా కూడే పద్ధతిగా మార్చేసే కోడ్ తరచూ కనిపిస్తుంది. లూపు లోపల, పది అంకెలు చేర్చబోయే ప్రతిసారీ `v.reserve(v.size() + 10)` అని రాస్తారు. జీసీసీ లైబ్రరీ అడిగినంతే ఇస్తుంది, ఒక్క సీటు ఎక్కువ ఇవ్వదు. పైన మనం చూసిన 5,000 కోట్ల మార్పిళ్లు అలా తిరిగొస్తాయి. మీ కోడ్‌లో `reserve` ఉంటే అది లూపు బయట, ఒక్కసారే ఉందో లేదో చూసుకోండి. లోపల ఉంటే తీసేయండి, రెట్టింపు సంగతి వెక్టరే చూసుకుంటుంది.