ఏజీఎం నోటీసు చదివే పద్ధతి

వార్షిక సర్వసభ్య సమావేశం నోటీసు కనీసం 21 రోజుల ముందు వాటాదారులకు అందాలని కంపెనీల చట్టం చెబుతుంది. అందులో కంపెనీ పేరు కింద రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా, 21 అంకెలూ అక్షరాలూ కలిసిన గుర్తింపు సంఖ్య ఉంటాయి. హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని డాక్టర్ రెడ్డీస్ సంఖ్య L85195TG1984PLC004507. మొదటి L అంటే షేర్లు స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైన కంపెనీ. నమోదు కానిదానికి U ఉంటుంది. తరువాతి ఐదంకెలు వ్యాపార రకాన్ని, TG తెలంగాణను, 1984 స్థాపించిన సంవత్సరాన్ని, PLC పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ అని సూచిస్తాయి. చివరి ఆరంకెలు రిజిస్ట్రేషన్ నంబరు. కార్పొరేట్ ఆఫీసు మరో ఊళ్లో ఉన్నా, చట్టపరమైన నోటీసులు పంపాల్సింది రిజిస్టర్డ్ ఆఫీసుకే. ఆ ఆఫీసును ఊరి పరిధి దాటించాలంటే ప్రత్యేక తీర్మానం, అంటే వ్యతిరేక ఓట్లకు కనీసం మూడింతల అనుకూల ఓట్లు, కావాలి.

డైరెక్టర్ల అంశం సాధారణంగా ఒక్క వాక్యమే: ఫలానా వ్యక్తి వంతు ప్రకారం పదవీవిరమణ చేస్తున్నారు, అర్హత ఉన్నందున మళ్లీ నియామకం కోరుతున్నారు. ఇది రాజీనామా కాదు. ఇండిపెండెంట్ డైరెక్టర్లను మినహాయించి, వంతు వర్తించేవారిలో మూడోవంతు మంది ఏటా దిగాలి. అలాంటివారు ఆరుగురుంటే ఇద్దరు దిగుతారు. పదవిలో ఎక్కువ కాలంగా ఉన్నవారిదే ముందు వంతు. ఇండిపెండెంట్ డైరెక్టరు ఒక విడతలో అయిదేళ్ల వరకు ఉండవచ్చు, రెండో విడతకు ప్రత్యేక తీర్మానం తప్పనిసరి. అసలు సమాచారం నోటీసు చివరి అనుబంధంలో ఉంటుంది. ఆ వ్యక్తి ఏడాదిలో ఎన్ని బోర్డు సమావేశాలకు హాజరయ్యారు, ఇతర డైరెక్టర్లతో బంధుత్వముందా, ఇంకెన్ని కంపెనీల్లో ఉన్నారు అన్నవి అక్కడే తెలుస్తాయి. తీర్మానం కంటే ముందు చదవదగ్గ పేజీ అదే.

ఆడిటర్ విషయంలో సంవత్సరాలు లెక్కపెట్టాలి. నమోదైన కంపెనీలో ఒక ఆడిట్ సంస్థ వరుసగా రెండు అయిదేళ్ల విడతలకు మించి ఉండరాదు. 2017 సమావేశంలో వచ్చిన సంస్థ 2022లో మళ్లీ నియమితమైతే 2027 సమావేశంతో తప్పుకోవాలి. మధ్యలో 2024 నోటీసులో ఆడిటర్ ప్రస్తావనే లేకపోతే తప్పేమీ కాదు. ఏటా ఆమోదం తీసుకోవాలన్న నిబంధనను 2018లో తొలగించారు. కానీ అదే ఏడాది కొత్త పేరు కనిపిస్తే పాత సంస్థ గడువు తీరకుండానే వెళ్లిందన్నమాట. అప్పుడు కారణాన్ని వివరణ పత్రంలో వెతకాలి. నమోదైన కంపెనీ కొత్త ఆడిటర్‌కు ఇవ్వబోయే ఫీజును, పాత ఫీజుకూ దానికీ పెద్ద తేడా ఉంటే అందుకు కారణాన్ని అందులో తెలపాలి. అక్కడ సరైన జవాబు లేకపోతే కంపెనీ సెక్రటరీని అడగండి. ఆన్‌లైన్‌లో ముందుగా ఓటు వేసే గడువు సమావేశానికి ముందురోజు సాయంత్రం 5 గంటలకు ముగుస్తుంది.