ఒక్క గొంతుతో మూడు స్వరాలు

పాత వీడియో గేముల సంగీతంలో వెనకాల ఎప్పుడూ ఒక గలగల వినిపిస్తుంటుంది. గజ్జెలు చాలా వేగంగా కదిపినట్టు, ఒకే బీప్ వణుకుతున్నట్టు ఉంటుంది. చిన్నప్పుడు అదేదో ప్రత్యేకమైన వాద్యం అనుకునేవాణ్ణి. నిజానికి అది పేదరికంలోంచి పుట్టిన ఉపాయం.

1983లో జపాన్‌లో నింటెండో తెచ్చిన ఫామికామ్‌నే తీసుకోండి. అందులో శబ్దానికి ఐదు ఛానళ్లు. రాగానికి పనికొచ్చేవి రెండు స్క్వేర్ వేవ్‌లు, కింది స్వరాలకు ఒక ట్రయాంగిల్ వేవ్. ఒక్కో ఛానల్ ఒక సమయంలో ఒక్క స్వరమే పలుకుతుంది. పాటను ఒక స్క్వేర్‌కు ఇచ్చేస్తే, మూడు స్వరాలు కలిసి మోగాల్సిన కార్డ్‌కు మిగిలేది ఒక్కటే. అందుకని ఆ ఒక్కదానితోనే మూడు స్వరాలనూ సెకనుకు 60 మార్పుల వేగంతో తిప్పి తిప్పి వాయించారు. అంత వేగంలో చెవి వాటిని విడదీయలేక కార్డ్‌గా కలిపేసుకుంటుంది. ఫాస్ట్ ఆర్పెజియో అంటే ఇదే.

ఇప్పటి ఫోన్‌కు ఆ ఇబ్బందేమీ లేదు. అయినా ఆ కాలపు రుచి రావాలంటే ఆ కట్టుబాటులోనే పని చేయాలి. నేను వాడేది ఫామిట్రాకర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. అందులో స్వరాలను పై నుంచి కిందికి వరసలుగా రాస్తాం. మొదట్లో ఉండే వేగం ప్రకారం ఒక్కో వరస సెకనులో పదో వంతు. నాలుగు వరసలు ఒక దెబ్బ, పదహారు వరసలు ఒక బార్.

ఈ మధ్య చేసిన ఒక లూప్‌లో ఎ మైనర్, ఎఫ్, సి, జి కార్డ్‌లు బారుకొకటి చొప్పున పెట్టాను. కార్డ్‌ను అంకెల్లో చెప్పాలి. మైనర్‌కు 037, మేజర్‌కు 047. మొదటి సున్నా ఆర్పెజియో అనే గుర్తు. తర్వాతి రెండంకెలు, రాసిన స్వరం నుంచి ఎన్ని మెట్లు పైకి వెళ్లాలో చెబుతాయి. సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది: మూడో మెట్టు సాధారణ గాంధారం, నాలుగోది అంతర గాంధారం, ఏడోది పంచమం. షడ్జమం చుట్టూ ఆ రెండూ గిరగిరా తిరుగుతాయంతే.

స్క్వేర్ వేవ్ గొంతును డ్యూటీతో మారుస్తాం. తరంగం పైనా కిందా సమానంగా ఉండే 50 శాతంలో ధ్వని గుండ్రంగా, కాస్త గుల్లగా ఉంటుంది. 12.5కి తగ్గిస్తే ముక్కుతో పాడినట్టు సన్నబడుతుంది. పాటకు 50, ఆర్పెజియోకు 12.5 ఇస్తే ఒకదాని మీద ఒకటి పడకుండా విడివిడిగా వినిపిస్తాయి.

హెడ్‌ఫోన్‌లో అంతా బాగానే ఉంది. ఫోన్ స్పీకర్లో పెడితే బేస్ మాయమైంది! ట్రయాంగిల్‌ను 110 హెర్ట్జ్ దగ్గర పెట్టాను. అంత చిన్న స్పీకర్ ఆ లోతును పలకలేదు. 110 హెర్ట్జ్ స్క్వేర్ అయితే 330 దగ్గర పుట్టే అనుస్వరం గట్టిగా ఉంటుంది కాబట్టి, దాన్ని పట్టుకుని చెవి కింది స్వరాన్ని ఊహించుకుంటుంది. ట్రయాంగిల్‌లో అదే అనుస్వరం మూల స్వరంలో తొమ్మిదో వంతే. అందుకే ట్రయాంగిల్‌ను ఒక స్థాయి పైకి జరిపి, ప్రతి దెబ్బ మొదటి వరసలో ఆర్పెజియో ఛానల్ చేతే బేస్ పలికించాను:

```
A-2 000
A-3 037
... ...
... ...
```

000 అంటే తిరగడం ఆపమని. సెకనులో పదో వంతు బేస్, మిగిలిన మూడు వరసలూ కార్డ్. బేస్ ఆగకుండా నడుస్తున్నట్టే చెవికి అనిపిస్తుంది.

ఇంకో చిక్కు వేగానిది. సెకనుకు 60 మార్పులంటే మూడు స్వరాల చుట్టు 20 సార్లు తిరుగుతుంది. చిన్న స్పీకర్లో అది జోరీగ రొదలా తోచింది. అప్పుడు 0xy ఎఫెక్ట్ తీసేసి, ఇన్‌స్ట్రుమెంట్ ఆర్పెజియో సీక్వెన్స్‌లో `| 0 0 3 3 7 7` అని రాశాను. ఒక్కో స్వరం రెండు ఫ్రేములు నిలిచి, వేగం సగమై, గలగల తేటపడింది. ఆరు ఫ్రేముల వరసలో చుట్టు సరిగ్గా పూర్తవుతుంది కూడా.

నాలుగు బార్లంటే 6.4 సెకన్లు. మూడు నిమిషాల ఆటలో అదే ముక్క 28 సార్లు తిరిగితే ఆడేవాళ్లు సౌండ్ ఆపేస్తారు. కార్డ్‌లు అవే ఉంచి, పాటను మాత్రం మార్చుకుంటూ పదహారు బార్లకు పెంచాను. 25.6 సెకన్లయింది.

చివరికి ఎంపీ3గా ఇవ్వబోయి నాలిక కరుచుకున్నాను. ఆ ఫార్మాట్ ఫైలు మొదట్లోనూ చివర్లోనూ కాస్త నిశ్శబ్దాన్ని చేరుస్తుంది. పాటలో తెలియదు గానీ లూప్‌లో ప్రతి చుట్టుకూ ఎక్కిళ్లు వస్తాయి. వేవ్ ఫైలుగా తీసి, సైజు తగ్గాలంటే ఓజీజీ చేసుకోవాలి. తర్వాత పది చుట్లు వరుసగా పెట్టి, కళ్లు మూసుకుని, అతుకు వచ్చిందనిపించినప్పుడల్లా బల్ల మీద వేలితో కొడతాను. నా దెబ్బ తప్పుచోట పడుతోందంటే ఫైలు గేమ్‌లోకి వెళ్లొచ్చు.